నిలబడ్డ ఆవు ఫొటోలో కుంటును చదవడం ఎలా?

వానలు పడి దమ్ములు మొదలయ్యాయంటే అరకు, డుంబ్రిగుడ, పెదబయలు మండలాల్లో పశువుల కాళ్లకు కష్టకాలమే. పొద్దంతా బురదలో నానిన గిట్ట మెత్తబడుతుంది. సాయంత్రం అదే కాలితో రాళ్ల దారిన కొండెక్కి ఇంటికి చేరాలి. మెత్తబడ్డ గిట్టలోకి రాయి సులువుగా దిగుతుంది. గిట్టల సందులో చర్మం చిట్లి పుండు పడుతుంది. పశువుల డాక్టరు ఉండేది మండల కేంద్రంలో, ఆవు ఉండేది కొండ మీది ఊళ్లో. అందుకే ఫోన్‌లో ఫొటో తీసి, సిగ్నల్ అందే చోటికి వచ్చాక వాట్సాప్‌లో పంపడం అక్కరకొచ్చే పద్ధతి. అయితే ఆ ఫొటో ఎలా తీయాలో, అందులో ఏం చూడాలో తెలిసి ఉండాలి.

సంతలో అనుభవమున్న పెద్దలు ఎద్దును బేరమాడే ముందు దాని వెనక్కి వెళ్లి కాసేపు నిలబడి చూస్తారు. ఆ చూపులో శాస్త్రం ఉంది. ఆవు బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. అయినా గిట్టల జబ్బులు ఎక్కువగా వచ్చేది వెనక కాళ్లకు, అందులోనూ బయటివైపు గిట్టకు. ముందుకాళ్లను ఒంటికి పట్టి ఉంచేది కండరాలు. అడుగు పడినప్పటి అదురును అవి చాలావరకు మింగేస్తాయి. వెనక కాళ్లు తుంటి ఎముకకు నేరుగా కీలుతో కలిసి ఉంటాయి. నడుము అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ ఆ భారం బయటి గిట్ట మీదికి దిగుతుంది. నెదర్లాండ్స్ పశువైద్యుడు టూసాన్ రావెన్ గిట్టలు చెక్కే పద్ధతిని ఈ సూత్రం మీదే నిలబెట్టాడు. బయటి గిట్ట నొప్పి పెడితే ఆవు మడమ కీలును లోపలికి తిప్పి, గిట్టల కొనలను బయటికి పెట్టి నిలబడుతుంది. అలా బరువును లోపలి గిట్ట మీదికి మళ్లిస్తుంది. వెనక నుంచి తీసిన ఫొటోలో ఈ తిరుగుడు స్పష్టంగా కనిపిస్తుంది. కొన్ని ఆవులకు పుట్టుకతోనే మడమ కీళ్లు కొంచెం దగ్గరగా ఉంటాయి కాబట్టి రెండు కాళ్లనూ పోల్చి చూడాలి. రెండూ ఒకే తీరుగా ఉంటే అది ఒంటి కట్టు కావచ్చు. ఒకటి తిన్నగా ఉండి ఒకటి తిరిగి ఉంటే అనుమానించాలి.

కొండ ఊళ్లలో ఫొటోను ముందుగా చెడగొట్టేది వాలు నేల. ఎగువకు ముఖం పెట్టిన ఆవు బరువు వెనక్కి, దిగువకు ముఖం పెట్టిన ఆవు బరువు ముందుకు జరుగుతుంది. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఆవు కూడా కాళ్లు సర్దుకుని వింతగా నిలబడుతుంది. కళ్లమో, బడి ముందరి చదునైన జాగానో వెతుక్కోవాలి. పలుపు బిగించి తల పైకి లాగితే నడుము తీరు మారిపోతుంది కాబట్టి పలుపు వదులుగా పట్టుకోవాలి. ఆవు కుదురుకునేదాకా రెండు నిమిషాలు ఆగాలి. మూడు నాలుగు మీటర్ల దూరంలో కూర్చుని, ఫోన్‌ను ఆవు మడమ కీలు ఎత్తున పట్టుకుని తీయాలి. మనం నిలబడి పైనుంచి తీస్తే కాళ్లు పొట్టిగా, గిట్టలు వంకరగా పడతాయి. వెనక నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కొక్కటి, ముందు నుంచి ఒకటి తీయాలి. ఆ తర్వాత గిట్టలు కడిగి దగ్గరి నుంచి ఇంకొకటి. బురద అంటిన గిట్ట ఫొటో దేనికీ పనికిరాదు.

పక్క నుంచి తీసిన ఫొటోలో ముందు చూడాల్సింది వెన్ను గీత. మన కొండ పశువులకు మూపురం ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేసి, మూపురం వెనక నుంచి తుంటి వరకు ఉన్న గీతనే చూడాలి. కాలి నొప్పితో ఉన్న ఆవు నడుమును విల్లులా పైకి వంచుతుంది. 1997లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ వంపు ఆధారంగా కుంటుకు ఐదు మెట్ల కొలత ఇచ్చారు. రెండో మెట్టులో ఆవు నిలబడినప్పుడు వెన్ను తిన్నగానే ఉంటుంది, నడిచేటప్పుడే వంగుతుంది. మూడో మెట్టుకొచ్చాక నిలబడినా వంపు కనిపిస్తుంది. అంటే నిలబడ్డ ఫొటోలో వంపు పడిందంటే కుంటు అప్పటికే కొంత ముదిరినట్టే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఆవు ఫొటోలు వచ్చాయి. వెనక నుంచి చూస్తే ఎడమ కాలు తిన్నగా ఉంది, కుడి కాలి మడమ కీలు లోపలికి తిరిగింది. పక్క నుంచి చూస్తే మూపురం వెనక వెన్ను వంగి ఉంది. కుడి వెనక గిట్ట కొన మాత్రమే నేలకు ఆనింది, గిట్ట వెనక భాగం పైకి లేచి ఉంది. కొన మీద నిలబడింది కాబట్టి నొప్పి గిట్ట వెనక భాగంలో ఉండవచ్చు. ఇప్పుడు దగ్గరి ఫొటోలో గిట్ట పైఅంచున, అంటే వెంట్రుకలు మొదలయ్యే చోట, వాపు చూడాలి. రెండు గిట్టల మీదా సమానంగా వాచి, వాటి మధ్య సందు వెడల్పయి ఉంటే పుండు సందులోనే ఉందని అర్థం. ఈ ఆవుకు బయటి గిట్ట మీదే వాచింది. అంటే ఆ గిట్ట లోపలే చీము పట్టి ఉండాలి, కీలు దాకా పాకే ప్రమాదం ఉంది. సందు పుండు కన్నా ఇది పెద్ద కష్టం, డాక్టరు చేయి పడాల్సిందే.

అదే ఫొటోలో గిట్ట పైఅంచుకు రెండు సెంటీమీటర్ల కింద ఒక అడ్డ గాడి ఉంది. గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ లెక్కన నాలుగు నెలల కిందట గిట్ట పెరుగుదల ఒకసారి తడబడింది. అదే ఎత్తున ఎనిమిది గిట్టలకూ గాడి ఉంటే అప్పట్లో ఆవుకు గాలికుంటో, గట్టి జ్వరమో, మేత కరువో వచ్చి ఉంటుంది. ఒక్క గిట్టకే ఉంటే అక్కడ దెబ్బ తగిలి ఉంటుంది. ఆవు యజమానిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ గాడే చెబుతుంది.

కాలు ఎత్తిన ప్రతి ఆవుకూ గిట్ట జబ్బే అనుకోకూడదు. ఒకటికి మించి కాళ్లు నొప్పిగా ఉండి నోటి నుంచి సొంగ కారుతుంటే గాలికుంటు. దాన్ని వెంటనే మంద నుంచి వేరు చేయాలి. గిట్టలు బాగానే ఉండి తొడో భుజమో ఉన్నట్టుండి వాచి, నొక్కితే కరకరలాడి, జ్వరం ఉంటే అది జబ్బవాపు. అది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. వెనక కాలు బిగుసుకుని వెనక్కి చాచి ఉండి, గిట్ట కొన నేలకు రాసుకుంటుంటే మోకాలి చిప్ప పట్టేసి ఉండవచ్చు. ముందుకాళ్లు ఒకదానికొకటి అడ్డంగా వేసి నిలబడితే రెండు కాళ్ల లోపలి గిట్టల్లోనూ నొప్పి ఉండవచ్చు.

ఫొటోకు ఒక హద్దుంది. జబ్బు ఉందని అది చెప్పగలదు గానీ లేదని చెప్పలేదు. తిన్నగా నిలబడ్డ ఆవు పది అడుగులు వేసేసరికి వెన్ను వంచవచ్చు. అందుకే ఫొటోలతో పాటు చదును నేల మీద పది అడుగులు నడిపించి చిన్న వీడియో కూడా పంపాలి. ఇంటి దగ్గర చేయగలిగింది కాలు శుభ్రంగా కడగడం, సందులో ఇరుక్కున్న రాయి తీయడం, పొడి నేల మీద కట్టేయడం. కత్తితో లోతుగా చెక్కితే బతికున్న కండ తెగుతుంది.

పశువులున్న ప్రతి ఇంటికీ ఒక మాట. వానలకు ముందే, ఆవు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, అదే చదును జాగాలో ఈ ఫొటోలు తీసి ఫోన్‌లో దాచుకోండి. రేపు అనుమానం వస్తే దేనితో పోల్చాలో మీ చేతిలోనే ఉంటుంది. ఆవు కాలు అసలు నేలకు ఆనించకపోతే మాత్రం ఫొటోల కోసం ఆగకుండా 1962కు ఫోన్ చేయండి.