ఒకే క్రియ, రెండు కాలములు

హైదరాబాదు పాతబస్తీలో గాని, కర్నూలు, కడప వంటి పట్టణములలో ఉరుదూ మాటలాడు కుటుంబములు వసించు వీథులలో గాని కొంతకాలము మసలిన తెలుగువానికి ఇన్షా అల్లా, మాషా అల్లా అను రెండు పలుకులు చెవికి అలవడి, ఆ భాష రాకపోయినను అప్పుడప్పుడు నాలుకపైకి వచ్చుచుండును. అట్లు అలవడిన పలుకులకు అర్థమేమని యడిగినచో రెంటికిని ‘దేవుని దయవలన’ అను ఒక్క మాటనే చాలమంది చూపుదురు. ఈ సమాధానములో భక్తిభావము చెడలేదు గాని కాలము చెడినది. మొదటి పలుకు ఇంకను జరుగనిదానిని గూర్చినది. రెండవది కన్నులయెదుట జరిగియున్నదానిని గూర్చినది. ఉరుదూ మాటలాడు పసివాడు సైతము ఒకదానికి బదులొకటి వాడడు. ఆ భేదమును తెలుగులో నిలుపుట యెట్లో చూచుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

రెండును అరబ్బీలో మూడేసి పదముల కూర్పులు. వానిలో రెండు పదములు సమానములే: ‘షాఅ’ అనగా తలచెను, సంకల్పించెను అని భూతకాలక్రియ, ‘అల్లా’ ఆ క్రియకు కర్త. భేదమంతయు మొదటి అక్షరములలో నున్నది. ‘ఇన్’ అనునది ‘అయినచో’ అను అర్థము గల అవ్యయము. ‘మా’ అనునది ‘ఏదియో అది’ అను అర్థము గల సర్వనామము. అరబ్బీలో ‘ఇన్’ వెంట భూతకాలక్రియ వచ్చినను అర్థము భవిష్యత్తునకే చెందును. కావున ఇన్ షాఅ అల్లా అనగా ‘దైవము తలచినయెడల’ అనియు, మా షాఅ అల్లా అనగా ‘దైవము తలచినది’ అనియు తేలుచున్నది. ఇక్కడ మన భాష అనువాదకునకు చేయు ఉపకారము గమనింపదగినది. తెలుగులో ‘వాన కురిసినయెడల పంట పండును’ అన్నప్పుడు ‘కురిసిన’ అనునది భూతకాల రూపమే యైనను వాక్యము రాబోవు వానను గూర్చినదే గదా! అరబ్బీ తన క్రియతో చేసిన పనిని మన భాషయు తన క్రియతో అట్లే చేయుచున్నది. ‘తలచిన’ అను ఒక్క రూపమునకు ‘యెడల’ చేర్చినచో ఇన్షా అల్లా, ‘అది’ చేర్చినచో మాషా అల్లా ఏర్పడుచున్నవి. వరుస మాత్రము తలక్రిందులు: అరబ్బీలో మొదట నిలిచి వాక్యమునకు దారి చూపు ముక్క తెలుగులో చివరకు చేరును.

వ్రాతలో ఒక చిక్కు కలదు. ఉరుదూలో తొందరగా వ్రాయువారు ‘ఇన్’ను ‘షా’తో కలిపి ఒక్క పదముగా వ్రాయుదురు. అట్లు కలిసినప్పుడు కంటికి కనబడునది ‘ఇన్షా’ అను వేఱొక అరబ్బీ పదము. దానికి రచన, సృజనము అని అర్థము. అందుచేతనే జాగ్రత్తగల లేఖకులు మూడు పదములను విడివిడిగా వ్రాయవలెనని పట్టుపట్టుదురు. పలుకుటలో ఈ భేదము వినబడదు గనుక తెలుగులిపిలో ఇన్షా అల్లా యని వ్రాసినను బాధ లేదు.

ఈ రెండు పలుకులకును ఆధారము ఖురానులో ఒక్క అధ్యాయమునందే లభించుట విశేషము. పదునెనిమిదవదియైన ఆ అధ్యాయమునకు ‘కహఫ్’, అనగా గుహ అని పేరు. అందు 23, 24 వాక్యములలో, రేపు ఫలానా పని చేసెదనని దైవసంకల్పమును స్మరింపక పలుకరాదను నిషేధము కలదు. ఈ వాక్యముల అవతరణమును గూర్చి ప్రవక్త జీవితచరిత్రకారుడగు ఇబ్న్ ఇస్‌హాఖ్ వలన వచ్చిన కథ యిది: మక్కావాసులు కొన్ని ప్రశ్నలడుగగా ప్రవక్త ‘రేపు చెప్పెద’ ననిరట; ఇన్షా అల్లా యనకపోవుటచే దైవవాణి పదునైదు దినములు రాలేదట. ఎవని రేపటిపైనను వానికి స్వామ్యము లేదను భావమే ఆ పలుకునకు ప్రాణము.

ఈ ‘రేపు’ అను మాట ఉరుదూలో మఱియొక విధముగా ముఖ్యము. ఆ భాషలో నిన్నకును రేపటికిని ‘కల్’ అను ఒక్క పదమే. ఏది ఉద్దేశింపబడినదో క్రియను బట్టి గ్రహింపవలెను. కాని సంభాషణలో క్రియ లేని సమాధానములు తఱచు. ‘కబ్?’ అని యొకడు అడుగగా, ‘కల్, ఇన్షా అల్లా’ అని రెండవవాడు చెప్పినచో, క్రియ చేయవలసిన పనిని ఆ అరబ్బీ పలుకే చేసినది: ఇన్షా అల్లా నిన్నటిని గూర్చి రాదు గనుక అది రేపే. దీనిని తెలుగు చేయునప్పుడు మనకు ‘రేపు’ ప్రత్యేకముగా నున్నది గనుక సంశయమునకు తావు లేదు. ‘రేపే, దైవము తలచిన’ అనిన చాలును.

ఇన్షా అల్లా యని చెప్పి పని ఎగవేయుదురను నింద యొకటి లోకములో కలదు. ఇది సగము సత్యము. ఇచ్చట వినువాడు గుర్తింపవలసిన ఆనవాలు ఒకటి నాకు దొరికినది. ‘శుక్రవారము నమాజు తరువాత వచ్చెదను, ఇన్షా అల్లా’ అని కాలమును, పనిని చెప్పి ఆ పలుకును చేర్చినవాడు మాట యిచ్చినట్లే. ఆ పలుకు అచ్చట మాటను సడలింపదు, అహంకారమును మాత్రము సడలించును. కాలము లేక, క్రియ లేక, ‘ఇన్షా అల్లా, ఇన్షా అల్లా’ అని రెండు మార్లు మెల్లగా పలికినవాడు, లేదనుటకు మొగమోటపడుచున్నాడని గ్రహింపవలెను. మొదటిదానికి ‘దైవము తలచినయెడల’ అనుట తగును. రెండవదానికి అట్లు వ్రాసినచో అనువాదము అబద్ధమగును, ‘చూతములెండి’ అను మన మర్యాదవాక్యమే దానికి సరి. ధర్మశాస్త్రవేత్తలు సైతము ఇందలి ‘అయినచో’ను ఉత్తమాటగా తీసివేయలేదు. ప్రమాణము చేయువాడు వెనువెంటనే ఇన్షా అల్లా యని చేర్చినచో, ఆ పని జరుగకపోయినను వానికి ప్రమాణభంగదోషము లేదని వారి నిర్ణయము.

ఇక మాషా అల్లా. అదే అధ్యాయములో 39వ వాక్యము చెంత ఇద్దఱు మనుష్యుల కథ యున్నది. ఒకనికి ద్రాక్షతోటలు రెండు. వాని చుట్టును ఖర్జూరవృక్షములు, నడుమ పైరు, రెండు తోటల నడుమ పాఱు కాలువ. వాడు తోటలో నిలిచి, ఇది యెన్నటికిని నశింపదని గర్వించెను. సంపద తక్కువయైన మిత్రుడు, తోటలో అడుగుపెట్టినప్పుడు ‘ఇది దైవము తలచినది’ అని యేల అనలేదని మందలించెను. తోట పందిళ్ళతో సహా నేలగూలినది. తోటవాడు పెట్టిన ధనమునకై చేతులు నులుముకొనెను. చూచిన మంచిని చూచినవాని ప్రజ్ఞకు గాని, కలిగినవాని ప్రజ్ఞకు గాని అంటగట్టక, సంకల్పించినవానికి అర్పించుట ఇందలి తాత్పర్యము.

కాని గృహములలో ఈ పలుకు చేయు పని వేఱొకటి కూడ కలదు. బిడ్డ అందమును, కొత్త యింటిని, మిత్రుని సంపాదనను మెచ్చుకొనునప్పుడు మాషా అల్లా యనని మెప్పు ఉరుదూ కుటుంబములలో వినువారికి కలత కలిగించును. మెచ్చినవాని ‘నజర్’ తగులునను భయము. ఖురాను కథలో దృష్టిదోష ప్రసక్తి లేదు. అది ఆచారము తెచ్చి కూర్చినది. ఈ భయము మనకు కొత్తది కాదు. బిడ్డ బుగ్గన నల్లచుక్క పెట్టు తల్లియు, ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి దిష్టి తీయు అమ్మమ్మయు ఏ భయముతో చేయుదురో, ఆ భయముతోనే ఆమె పొరుగింటి ఖాలా మాషా అల్లా యనును. కావున ‘దైవము తలచినది’ అని పదమునకు పదము పెట్టిన అనువాదము వ్యాకరణమునకు సరిపోయినను తల్లి చెవికి సరిపోదు. ‘నా దిష్టే తగిలేను’ అను మన వాడుక అచ్చటి పనిని నెఱవేర్చును. ఉరుదూ ఈ పలుకును ఎంతగా తనదిగా చేసికొన్నదనగా, దానికి తన విభక్తిని కూడ తగిలించి ‘మాషా అల్లా సే తీన్ బచ్చే హైఁ’ అని వాడును. ఈ ‘సే’తో కూడిన ప్రయోగములో మాత్రమే ‘దేవుని దయవలన ముగ్గురు పిల్లలు’ అను అనువాదము నిజముగా ఒదుగును.

ఒక చిన్న సంభాషణను తెనిగించి చూతము. పొరుగింటికి వచ్చిన స్త్రీ, పెద్దదానిని ఉద్దేశించి ఇట్లనినదనుకొందము: ‘మాషా అల్లా, బేటీ బడీ హో గయీ ఆపా! షాదీ కబ్?’ ఆమె సమాధానము: ‘అల్‌హందులిల్లా, రిష్తా తయ్ హో గయా. ఇన్షా అల్లా ఈద్ కే బాద్.’ మూడు అరబ్బీ పలుకులును మూడు తావులలో నిలిచినవి: ఎదురుగా నిలిచిన పిల్లపై మొదటిది, ముగిసిన పనిపై రెండవది, రావలసిన పెండ్లిపై మూడవది. అల్‌హందులిల్లా యనగా స్తోత్రమంతయు దైవమునకే యని అక్షరార్థము. జరిగిన మేలునకు కృతజ్ఞత అందలి భావము. మన యిండ్లలో ఇద్దఱు స్త్రీలు మాటలాడుకొన్నట్లు తెలుగు చేసినచో: ‘ఎంత ఎదిగిందక్కా పిల్ల, నా దిష్టే తగిలేను! పెళ్ళెప్పుడు?’ ‘దేవుడి దయవల్ల సంబంధం కుదిరింది. దేవుడు తలిస్తే పండుగ వెళ్ళాక.’ ఈ మూడింటిని తారుమారు చేసినచో తప్పు వెంటనే తెలియును. కుదిరిన సంబంధమునకు ఇన్షా అల్లా చేర్చినచో అది ఇంకను కుదురలేదని వినువారు తలంతురు. రాబోవు పెండ్లికి మాషా అల్లా చేర్చినచో ఏమి కనబడి మెచ్చుచున్నదో తెలియక తెల్లబోవుదురు.

ఇట్టి పలుకులలో బిస్మిల్లా ఒక్కటి అనువాదకునకు శ్రమ లేకుండ లొంగును. ‘దైవనామముతో’ అని దాని అర్థము. ‘బిస్మిల్లా కీజియే’ అని విస్తరి ముందు అతిథితో ననిన ‘ఆరంభింపుడు’ అనియే భావము. ఒక కార్యమునకు ‘బిస్మిల్లా కర్నా’ అనిన దానికి ‘శ్రీకారము చుట్టుట’ అను మన జాతీయము అతికినట్లు సరిపోవును, రెండింటను మంగళవాచకమే ఆరంభమునకు పేరైనది గనుక. జజాకల్లా మాత్రము తెలుగులో కొంత కోల్పోవును. ‘దైవము నీకు ప్రతిఫల మిచ్చుగాక’ అను ఆ ఆశీస్సులో ‘నీకు’ అరబ్బీలో పురుషునికి. స్త్రీకి జజాకిల్లా, పలువురకు జజాకుముల్లా. ఉరుదూ మధ్యమపురుష సర్వనామములో లింగభేదము లేదు గనుక సామాన్యులు అందఱికిని జజాకల్లా యనియే అందురు. అరబ్బీ చదివినవారు దిద్దుదురు. తెలుగులోను ‘నీవు’, ‘మీరు’ పదములకు లింగము లేదు. ‘దేవుడు మీకు మేలు చేయుగాక’ అని వ్రాసినచో గౌరవము నిలుచును, లింగము పోవును. ఆ పోయినది ఉరుదూ వాడుకలోనే పోయినది గనుక దానికై అనువాదకుడు విచారింప నక్కఱలేదు.