మిగిలినవాళ్లకు చెప్పే మాటలు

ఉద్యోగాల కోత తర్వాత పనిలో మిగిలినవాళ్లకు తెలుగునాట చెప్పే మాటలు చాలావరకు పాత సామెతలే. "బతికుంటే బలుసాకు తినొచ్చు", "నారు పోసినవాడే నీరు పోస్తాడు", "నలుగురితో పాటు నారాయణ". ఇవన్నీ కష్టం నెత్తిన పడినవాడి కోసం పుట్టినవి. కష్టం పక్కవాడి మీద పడగా తాను తప్పించుకున్నవాడి బాధ వేరు. అతనికి ఈ మాటలు సరిపడకపోవడమే కాదు, కొన్నిసార్లు పుండు మీద కారం చల్లుతాయి.

ఈ తేడా నెల్లిమర్ల లాంటి ఊళ్లో బాగా తెలుస్తుంది. చంపావతి ఒడ్డున ఉన్న ఈ ఊరికి బ్రిటిష్ కాలం నుంచీ జూట్ మిల్లే ఆధారం. ఇక్కడివాళ్లకు పని పోవడమంటే ప్రధానంగా లాకౌట్. గేటుకు నోటీసు అంటిస్తారు, ఎ షిఫ్టు, బి షిఫ్టు అని లేకుండా అందరూ బయటే నిలబడతారు. పొరుగున గోస్తనీ ఒడ్డున ఉన్న చిట్టివలస మిల్లుకు 2009లో పడిన లాకౌట్ అలాంటిదే. లాకౌట్లో ఆకలి ఉంటుంది, అప్పు ఉంటుంది, యాజమాన్యం మీద కోపం ఉంటుంది. తాను మాత్రమే మిగిలిపోయానన్న సిగ్గు ఉండదు, ఎందుకంటే లోపల మిగిలినవాడంటూ ఉండడు. "నలుగురితో పాటు నారాయణ" అన్న మాట అక్కడ నిజంగా ఓదార్పు.

అదే ఊళ్ల పిల్లలు ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు, విశాఖ ఆఫీసుల్లో ఉన్నారు. అక్కడ గేటు మూయరు, జాబితా రాస్తారు. పన్నెండు మంది ఉన్న బృందంలో నలుగురికి ఉదయం మీటింగు పిలుపు వస్తుంది, మధ్యాహ్నానికి వాళ్ల లాగిన్ పనిచెయ్యదు. మిగిలిన ఎనిమిదిమంది సాయంత్రం దాకా స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు. అలా మిగిలిన ఒక అమ్మాయి మిల్లులో పనిచేసి రిటైరైన తండ్రికి ఫోన్ చేస్తే మాటలు ఇంచుమించు ఇలా సాగుతాయి.

"ఏటమ్మా, నీ ఉజ్జోగం ఉంది గదా, ఇంకేటి బెంగ?"

"ఉంది నాన్నా. అదే బాగోలేదు."

"మా మిల్లు మూసీసినప్పుడు అందరం గేటు కాడే కూకున్నాం. లోపల ఉండిపోయినోడు లేడు. ఆడికేటి సెప్పాలో నాకూ తెల్దమ్మా."

తెలియదని ఒప్పుకున్న ఆ తండ్రి మాట, తొందరపడి వేసే సామెత కంటే మేలు.

మిల్లులో కూడా మిగిలినవాళ్లు ఉండే సందర్భం ఒకటుంది. నార సరుకు తగ్గినప్పుడు లేదా ఆర్డర్లు పడిపోయినప్పుడు ఒక షిఫ్టు ఆపుతారు. అప్పుడు ముందుగా పని పోయేది బదిలీ కార్మికులకు, అంటే పర్మినెంటు కార్మికుడు రానినాడు అతని స్థానంలో పనిచేసేవాళ్లకు. పారిశ్రామిక వివాదాల చట్టం 1947లో ఉన్న, దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఉంచిన నియమం ప్రకారం, తాత్కాలికంగా పని ఆపినప్పుడు అర్హత గల కార్మికుడికి మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో సగం పరిహారంగా రావాలి. ఏడాది నిరంతర సర్వీసు నిండని బదిలీ కార్మికుడికి ఆ హక్కు లేదు. ఇద్దరూ చేసేది ఒకే పని. షిఫ్టు ఆగిననాడు ఒకరికి సగం జీతం, మరొకరికి ఏమీ లేదు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర పర్మినెంటు మనిషి బదిలీ మనిషి కళ్లలోకి చూడలేకపోతాడు. ఆఫీసు ఉద్యోగికి కలిగేదీ ఇదే. కాకపోతే మిల్లులో ఎవరు ముందు పోతారన్నది అందరికీ ముందే తెలుసు, ఆఫీసులో తెలియదు.

మిగిలినవాడి మనసులో రెండు వేర్వేరు బాధలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి "నేనెందుకు మిగిలాను?" అన్న అపరాధభావం, రెండోది "తర్వాత నేనేనా?" అన్న దిగులు. మొదటిది గడిచినదాని గురించి, రెండోది రాబోయేదాని గురించి. ఒకదానికి పనికొచ్చే మాట మరొకదానికి పనికిరాదు. ఏది ఎక్కువగా ఉందో మనిషి ప్రవర్తనలో కనిపిస్తుంది. అపరాధభావం ఉన్నవాడు వెళ్లిపోయిన స్నేహితుడికి ఫోన్ చెయ్యడం మానేస్తాడు, జీతం పడినరోజు ఇబ్బందిపడతాడు, ఎవరూ అడగకుండానే వాళ్ల పని కూడా నెత్తినేసుకుంటాడు. దిగులు ఉన్నవాడు మేనేజర్ ముఖం చదువుతూ ఉంటాడు, ప్రతి మెయిల్‌ను రెండుసార్లు చూస్తాడు, పుకార్లు పోగుచేస్తాడు.

ఎక్కువ పని నెత్తినేసుకోవడం గురించి మనస్తత్వ పరిశోధకుడు జోయెల్ బ్రాక్నర్ సహచరులతో కలిసి 1985లో ఒక ప్రయోగాన్ని ప్రచురించాడు. పక్కన కూర్చున్న మనిషిని పని మధ్యలో పంపించేస్తే, మిగిలినవాళ్లలో అపరాధభావం పెరిగింది, వాళ్లు చేసిన పని కూడా పెరిగింది. పెరిగింది పరిమాణమే, నాణ్యత కాదు. కోత తర్వాత మొదటి నెలల్లో రాత్రి పదకొండు దాకా లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషిని "కష్టపడి పనిచేస్తున్నాడు" అని మెచ్చుకునే మేనేజర్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. అది చాలాసార్లు ఉత్సాహం కాదు, బాకీ తీర్చుకునే ప్రయత్నం.

అపరాధభావానికి ఎక్కువమంది చెప్పే మాటలు రెండు. "నీ అదృష్టం బాగుంది" అన్నది మొదటిది. తనకు అర్హత లేనిది దక్కిందని ముందే అనుకుంటున్నవాడికి ఈ మాట ఆ అనుమానాన్ని ఖాయం చేస్తుంది. "నీ పనితనమే నిన్ను నిలబెట్టింది" అన్నది రెండోది. వినడానికి పొగడ్తే, కానీ పోయిన నలుగురికీ పనితనం లేదన్న అర్థం అందులో దాగి ఉంది. తన స్నేహితుడు తనకంటే బాగా పనిచేసేవాడని తెలిసినవాడికి అది అబద్ధంగా వినిపిస్తుంది. "బతికుంటే బలుసాకు" కూడా ఇక్కడ కుదరదు. బలుసాకు తినవలసివచ్చినవాడు ఆ మాట అనుకోవచ్చు. అన్నం తింటున్నవాడికి దాన్ని వినిపిస్తే, బలుసాకు తినేవాడెవడో గుర్తుచేసినట్టే.

పనికొచ్చే మాట చిన్నది, పొడిగా ఉంటుంది: "ఆ జాబితా నువ్వు రాయలేదు." దీని బలం ఇది పరీక్షకు నిలిచే మాట కావడంలో ఉంది. వినేవాడు తనను తాను అడిగి చూసుకోవచ్చు. పేర్లు ఎవరు ఎంచారు? ఏ లెక్కన ఎంచారు? తాను రాజీనామా చేసి ఉంటే స్నేహితుడి ఉద్యోగం నిలిచేదా? చాలా కంపెనీల్లో ప్రాజెక్టు మూతపడితే ఆ ప్రాజెక్టు మనుషులే పోతారు, కాబట్టి చివరి ప్రశ్నకు జవాబు సాధారణంగా "నిలిచేది కాదు" అనే వస్తుంది.

అయితే ఈ మాట టీమ్ లీడర్‌కు చెప్పకూడదు. బృందానికి రేటింగులు వేసినవాడు, అడిగితే ఇద్దరి పేర్లు చెప్పినవాడు, జాబితాలో కొంత భాగం తానే రాసినట్టు. అతనికి ఓదార్పు కంటే ముందు నిజం కావాలి. ఏ కొలత మీద ఆ పేర్లు ఇచ్చాడు, ఆ కొలతను పోయినవాళ్ల ముందు నిలబడి చెప్పగలడా అన్నదే అతను తేల్చుకోవలసినది. అలాగే "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదు" అన్న సామెత మిగిలినవాళ్ల చెవిన పడుతూ ఉంటుంది, ఎక్కువగా ఎత్తిపొడుపుగా. నిజంగానే బాసుకు దగ్గరవాడు కాబట్టి మిగిలి ఉంటే, ఆ గుచ్చుకోవడం జబ్బు కాదు, సమాచారం. దాన్ని మాటలతో మాన్పాలని చూడటం అనవసరం.

దిగులుకు వచ్చేసరికి, "పండుటాకును చూసి పచ్చాకు నవ్వినట్టు" అన్న సామెతను మిగిలినవాళ్ల ముందు తీయకపోవడమే మేలు. అది నవ్వేవాడిని మందలించడానికి పుట్టింది. ఇక్కడ నవ్వేవాడు లేడు. భయపడేవాడికి అది "రేపు నీ వంతు" అన్న ఒక్క కబురే చేరవేస్తుంది. "ఏమీ కాదులే" కూడా పనిచెయ్యదు, ఎందుకంటే ఏమీ కాదని ఎవరికీ తెలియదు.

ఇక్కడ నిజంగా పనిచేసే పాత మాట "కీడెంచి మేలెంచు". చాలామంది దీన్ని నిరాశగా వింటారు, నిజానికి ఇది లెక్క చెయ్యమనే మాట. పైన చెప్పిన అమ్మాయినే తీసుకుంటే, అద్దె 12,000, అప్పు వాయిదా 16,000, ఇంటికి పంపేది, తిండి, తిరుగుడు అన్నీ కలిపి 10,000, నెలకు తప్పనిసరి ఖర్చు 38,000 రూపాయలు. చేతిలో ఉన్న పొదుపు 1,52,000. అంటే రేపే ఉద్యోగం పోయినా నాలుగు నెలలు గడుస్తుంది. ఇంటికి పంపేదాంట్లో నాలుగు వేలు కొన్నాళ్లు తగ్గించుకోగలిగితే ఇంకో రెండు వారాలు కలుస్తాయి. ఈ లెక్క భయాన్ని పోగొట్టదు. హద్దు లేని భయానికి ఒక హద్దు గీస్తుంది. అమెరికాలో హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఆ హద్దు డబ్బుతో కాక తేదీతో వస్తుంది. ఉద్యోగం పోయాక మరో యజమానిని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. కాబట్టి వాళ్లు కీడెంచడం రోజుల్లో చెయ్యాలి.

దీనికి జతగా వచ్చేది "దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి". కోత జరిగిన రోజున లాగిన్‌తో పాటు జీతం స్లిప్పులు, ఫారం 16 లాంటివన్నీ అందకుండా పోతాయి. వాటిని ముందే సొంత మెయిల్‌లో దాచుకోవడం, ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో సొంత ఫోన్ నంబరు ఉందో లేదో చూసుకోవడం, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ముగుస్తుంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు విడిగా పాలసీ ఆలోచించడం, ఇవన్నీ ఒక ఆదివారం పని. కంపెనీ ఫైళ్లు మాత్రం కాపీ చెయ్యకూడదు, అది మరో గొడవకు దారి.

వెళ్లిపోయినవాళ్లతో ఏం మాట్లాడాలన్నది మిగిలినవాళ్లను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మాట దొరకక ఫోన్ చెయ్యరు. అవతలివాళ్లు దాన్ని తమను వదిలేసినట్టు తీసుకుంటారు. "ఏదైనా కావాలంటే అడుగు" అన్నది మర్యాదగా ఉంటుంది, కానీ ఫలితం ఉండదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గాని, ఉద్యోగం పోయిన మొదటి వారంలో మనిషికి అడిగే నోరు ఉండదు. అందుకని మాటలో ఒక పని ఉండాలి. "నా పేరు రిఫరెన్సుగా రాసుకో", "నువ్వు చేసిన మాడ్యూల్ గురించి నాలుగు లైన్లు రాసి పంపుతున్నాను, రెజ్యూమెలో వాడుకో", "గురువారం భోజనానికి రా, ఆఫీసు సంగతి ఎత్తను". వీటిలో క్షమాపణ లేదు. క్షమాపణ చెబితే పోయినవాడే మిగిలినవాడిని ఓదార్చవలసి వస్తుంది.

మాటలతో తీరని దశ కూడా ఉంది. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం రెండు వారాలు దాటితే సామెతలు పక్కనపెట్టి డాక్టరును కలవాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు.

లోపల మిగిలినవాడి దగ్గర మాత్రమే ఉండే వస్తువు ఒకటుంది: కబురు. సిబ్బంది తగ్గింపు కింద తీసేసిన కార్మికులకు, మళ్లీ మనుషులను తీసుకునేటప్పుడు ముందు అవకాశం ఇవ్వాలని 1947 చట్టం చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ నియమాన్ని ఉంచింది, ఏడాది గడువు పెట్టి. ఆఫీసు ఉద్యోగుల్లో అందరూ చట్టం చెప్పే కార్మికుల కిందికి రారు కాబట్టి వాళ్లందరికీ ఇది వర్తించదు. వర్తించినా, కొత్తగా మనుషులను తీసుకుంటున్న సంగతి బయట ఉన్నవాడికి సమయానికి తెలియకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. మిల్లులో అయితే షిఫ్టు మళ్లీ తెరుస్తున్నారన్న మాట సాయంత్రానికి టీ కొట్టుకు చేరుతుంది. ఆఫీసులో ఆ పని మిగిలినవాడు ఫోన్ తీసి చెయ్యాలి: "మన టీమ్‌లో రెండు ఖాళీలు పెట్టారు, ఈరోజే అప్లై చెయ్యి."