పాదం చిక్కితే మనిషి చిక్కినట్టు

చెట్టు మీద కవిత రాసి, పాదాలను చెట్టు బొమ్మలా పేర్చితే ఆకృతి కవిత అయిపోతుందా? మాటలు చెప్పేసిన దాన్నే బొమ్మ మళ్లీ చెబితే కవితకు కలిసొచ్చేది ఏముంది?

జార్జ్ హెర్బర్ట్ ఇంగ్లీషులో రాసిన 'ఈస్టర్ వింగ్స్' చూడండి. కవి చనిపోయిన 1633లోనే అచ్చయిన 'ది టెంపుల్' పుస్తకంలో ఉంది. రెండు చరణాలు, చరణానికి పది పాదాలు. మొదటి పాదం పలికితే పది అక్షరాలు. తర్వాత ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు. ఆరో పాదం నుంచి అదే లెక్కలో మళ్లీ పదికి పెరుగుతుంది. మొదటి చరణంలో మనిషి కటిక పేదయ్యే మాట, రెండో దానిలో చిక్కి శల్యమయ్యే మాట సరిగ్గా ఐదో పాదంలోనే వస్తాయి. ఆరో పాదంలో దేవుడి తోడు దొరుకుతుంది, పాదం కోలుకుంటుంది. కళ్లు మూసుకుని విన్నా ఇది తెలుస్తుంది.

తొలి ముద్రణలో పాదాలను పక్కకు తిప్పి నిలువుగా వేశారు. అందుకే ఎదురెదురు పేజీల్లో రెక్కలు కనిపించాయి. మామూలుగా అడ్డంగా అచ్చువేస్తే అవి ఇసుక గడియారాల్లా ఉంటాయి.

తెలుగులో ఇంకో చిక్కుంది. 'ర', 'ఘ' రెండూ ఒక్కో అక్షరమే, కానీ అచ్చులో 'ఘ' ఎక్కువ చోటు తీసుకుంటుంది. చెవి లెక్క, కంటి లెక్క రెండూ చూసుకోవాలి. ఫోనులోనైతే పొడుగు పాదం విరిగి కింది వరుసలో పడుతుంది.

మీ కవితను వచనంలా కలిపి రాసి చదవండి. అర్థంలో ఏమీ తగ్గకపోతే, ఆ ఆకారం పైన తొడిగిన చొక్కాయే.