అమ్మ దుపట్టాయే బ్యాక్‌డ్రాప్

మొఘల్‌పురా గల్లీల్లో బిస్మిల్లా వేడుక అంటే నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజుల పసివాడిని కూర్చోబెట్టి తొలి అక్షరం చదివించడం. హాలు చిన్నది, ఖర్చుకు చేయి ఆడదు. అయినా అక్కడి డెకరేషన్ కుర్రాళ్ళు పసివాడి వెనక ఉండే ఆ ఒక్క గోడను తీర్చిదిద్దే తీరు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది! పనితనం తెలిసినవాడు రంగు కోసం బజారుకు పోడు. ముందు ఇంటి పెట్టె తెరిపిస్తాడు.

అందులో తల్లి పెళ్ళినాటి ఖడా దుపట్టా ఉంటుంది, ఆరు గజాల పొడవు. మెరూన్ మీద జరీ అనుకుందాం. గోడ ఏడడుగుల వెడల్పు. కిటికీ ఊచ నుంచి ఎదురు మేకుకు గట్టి తాడు కట్టి, రెండు తెల్ల డబుల్ దుప్పట్లను దాని మీద కుచ్చులుగా దగ్గరకు లాగుతారు. గుడ్డ గోడకు రెండింతలు ఉంటేనే కుచ్చు నిండుగా పడుతుంది. సున్నం గోడకు టేపు అంటిస్తే పొరతో సహా ఊడొస్తుంది. తాడు పైనుంచి దుపట్టాను వంపుగా వేస్తే ఎనిమిదడుగులు పోయి, చెరో పక్క అయిదడుగులు జారుతుంది. కత్తెర పడదు, మర్నాడు మళ్ళీ పెట్టెలోకే.

ఇక బుడగలు. రబ్బరు బుడగను 1824లో లండన్‌లో మైకేల్ ఫారడే తన ప్రయోగాల కోసం చేశాడట. మనకు కావలసినవి బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతాయి. ఒక పక్క ఏడడుగుల దండకు తొమ్మిది అంగుళాలకు ఊదినవి 48 చాలు: క్రీము 24, లేత గులాబి 12, మెరూన్ 12. పగిలేవాటికి కొన్ని అదనం. రెండేసి మూతులు ముడేసి, రెండు జతలను మెలిపెడితే నాలుగు బుడగల గుత్తి. కింది ఆరు గుత్తుల్లో మెరూన్ రెండేసి, పై ఆరింటిలో ఒక్కటీ వద్దు. బరువు రంగు కిందుంటేనే దండ నిలబడినట్టుంటుంది. అట్టపెట్టెకు తొమ్మిది అంగుళాల రంధ్రం కోసి, ప్రతి బుడగనూ అందులో దూర్చి కొలిస్తే సైజు తప్పదు.

అసలు ఒడుపు ఇక్కడుంది. ఊదేకొద్దీ రబ్బరు పలచబడి మెరూన్ ఎర్రగా వెలుస్తుంది. అందుకే ఒక్కటి ఊది, రాత్రి ఆ గది దీపం కిందే దుపట్టా పక్కన పెట్టి చూడాలి. వెలిస్తే గాలి కొంచెం తగ్గించాలి. తెల్లటి ఎల్ఈడీ వెలుగు జరీని చంపేస్తుంది, పసుపు బల్బు బతికిస్తుంది. ఎండ తగిలితే బుడగ మెరుపు పోయి మసకబారుతుంది.

ఇంత విద్య ఉండగా, ఇప్పుడు ప్రతి ఇంటా అదే నలుపు-బంగారు కిట్టు, అదే తళుకు ప్లాస్టిక్ తెర! ఫోటోలో ఫ్లాష్‌కు మెరిసి పిల్లవాడి మొహాన్ని మింగేస్తుంది, మర్నాటికి చెత్తకుప్పలో ఉంటుంది. ఏ ఇంటి వేడుకో పోల్చుకోలేం. నాది గుడ్డ పక్షమే, దాచను. తల్లులారా, కిట్టు కొనే ముందు మీ గల్లీ డెకరేషన్ కుర్రాడిని ఒకసారి పిలిచి మీ పెట్టె చూపించండి.