వ్రతకథ గేయమైనప్పుడు: చారుమతి కథకు మంజరీ ద్విపద – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు ఇళ్ళలో వరలక్ష్మీ వ్రతం రోజున కథ వినే పద్ధతి అందరికీ తెలిసినదే. పూజ చేసుకున్న స్త్రీలు చేతిలో అక్షతలు పట్టుకొని కూర్చుంటారు. పురోహితుడో, చదవగలిగిన ఒక గృహిణియో వ్రతకల్ప పుస్తకంలోని వచనాన్ని చదువుతారు. కథ ముగిశాక ఆ అక్షతలు శిరస్సుపై వేసుకుంటారు. ఈ క్రమంలో ఒకరే వక్త, మిగిలినవారంతా శ్రోతలు. కథను గేయంగా మారిస్తే శ్రోతలే వక్తలవుతారు. అయితే అక్షతలు పట్టిన చేతితో పుస్తకం పేజీలు తిప్పడం కుదరదు. కనుక ఆ గేయం నోటికి రావాలి, పదిమంది గొంతులు ఒక్కచోట ఆగి ఒక్కచోట సాగాలి. గేయీకరణను ఈ రెండు అవసరాలతోనే కొలవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వచనం స్వభావం

వ్రతకల్పాలలోని చారుమతి కథ గ్రాంథిక వచనం. సూతుడు శౌనకాదులకు, శివుడు పార్వతికి చెప్పినట్లుగా కథ నడుస్తుంది. కుండిన నగరవాసిని చారుమతి కలలో వరలక్ష్మీదేవి కనిపించి, శ్రావణ మాసంలో పూర్ణిమకు ముందు వచ్చే శుక్రవారం తనను పూజించమంటుంది. చారుమతి ఆ కలను భర్తకు, అత్తమామలకు, ఊరి స్త్రీలకు చెబుతుంది. అందరూ కలిసి వ్రతం చేసి ప్రదక్షిణలు చేస్తారు.

ఈ వచనానికి ప్రాణం క్త్వార్థకం. లేచి, స్నానం చేసి, మంటపం అమర్చి, కలశం నిలిపి, తోరం కట్టుకొని, నైవేద్యం పెట్టి అంటూ ఒకే వాక్యంలో అనేక క్రియలు సాగుతాయి. చదివే వ్యక్తికి ఇది ఇబ్బంది కాదు. కలిసి పాడేవారికి మాత్రం ఆగే చోటు దొరకదు. రెండు పాదాలకొకసారి అర్థం ముగిసే ద్విపద ఇందుకు సహజంగా సరిపోతుంది. ప్రాస నియమం లేని మంజరీ ద్విపద ఇంకా అనువైనది. తాళ్ళపాక తిమ్మక్క ‘సుభద్రా కల్యాణము’నకు ఆ ఛందస్సునే ఎంచుకున్నదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

లక్షణం సరిపోయినా పాట కాకపోవడం

మంజరీ ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయి. మొదటి గణం మొదటి అక్షరానికి, మూడవ గణం మొదటి అక్షరానికి యతి కుదరాలి. ప్రదక్షిణ ఘట్టాన్ని ఈ నియమంతో ఇలా వ్రాయవచ్చు (ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నీ వ్యాసకర్త కూర్చినవే):

మొదటి ప్రదక్షిణ ముగియగ నపుడు
పాదాల ఘల్లనె పైడి యందియలు

ఇందులో గణాలు, యతి సరిగానే ఉన్నాయి. అయినా పాడితే రెండు చిక్కులు బయటపడతాయి. మొదటిది మాత్రల సంఖ్య. ఇంద్రగణాలలో నల, భ గణాలకు నాలుగు మాత్రలు. నగ, సల, ర, త గణాలకు అయిదు. పై ద్విపదలో మొదటి పాదానికి 15, రెండవ పాదానికి 17 మాత్రలు వచ్చాయి. ఒక్కరే పాడితే తక్కువైన చోట ఒక హ్రస్వాన్ని సాగదీసి సర్దుకోగలరు. పదిమంది పాడినప్పుడు ఒకరు ‘ఘల్లనె’లో చివరి అక్షరాన్ని సాగదీస్తారు, మరొకరు సాగదీయరు. గుంపు చీలేది అక్కడే.

రెండవ చిక్కు ‘ప్రదక్షిణ’ అనే మాటతో వస్తుంది. దాని మొదటి అక్షరం లఘువు, రెండవది గురువు. ఇంద్ర, సూర్య గణాలలో ఏదీ లఘువు వెంటనే గురువుతో మొదలు కాదు. అందువల్ల ఈ మాట ద్విపదలో ఎక్కడ పడినా రెండు గణాల మధ్య చీలిపోతుంది. పై పాదాన్ని తాళంతో పాడితే ‘మొదటిప్ర – దక్షిణ’ అని వినబడుతుంది.

సవరించిన రూపం

ఈ రెండు చిక్కులకూ పరిష్కారం ఉంది. అయిదు మాత్రల గణాలనే వాడాలి, ‘ప్రదక్షిణ’కు బదులు ఇంటి మాటను తీసుకోవాలి:

ఒకసారి చుట్టగా ఉవిదలందరికి
పాదాల మ్రోగేను పైడి యందియలు

మరుసారి చుట్టగా మగువలందరికి
చేతిలో మెరిసేను సిరుల కంకణము

ముమ్మారు చుట్టగా ముదితలందరికి
మేనంత నిండేను మేలైన సొమ్ము

ఇప్పుడు ప్రతి పాదం 5, 5, 5, 3 మాత్రలుగా సాగుతుంది. చివరి మూడింటి తర్వాత రెండు మాత్రల విరామమిస్తే నాలుగు సమాన ఖండాలై ఖండగతిలో నిలుస్తుంది. ఆ విరామమే ఊపిరి తీసుకునే చోటు. ‘చుట్టగా’ తర్వాత సంధి చేయకపోవడం కావ్యభాషలో దోషమే. ఇక్కడ మాత్రం ఆ విసంధి యతిస్థానాన్ని చెవికి స్పష్టం చేస్తుంది. మొదట ‘చుట్టిరా’ అని వ్రాసినా, పాటలో అది ఆజ్ఞగా వినబడే అవకాశం ఉన్నందున మార్చవలసి వచ్చింది.

మూడు ద్విపదల మొదటి పాదాలు దాదాపు ఒకటే. మారేవి లెక్క తెలిపే మాట, స్త్రీవాచకం మాత్రమే. ఒ–ఉ, మ–మ, ము–ము అనే యతులు ఆ స్త్రీవాచకాన్ని నిర్ణయించాయి. కనుక మొదటి మాట గుర్తుకు వస్తే యతి రెండవ మాటను అందిస్తుంది. కావ్యంలో అలంకారంగా కనిపించే యతి ఇక్కడ జ్ఞాపకానికి ఆధారమవుతుంది.

ఈ మార్పిడిలో నష్టం లేకపోలేదు. వచనంలో కంకణాలు నవరత్నఖచితాలు. యతి కోసం, మాత్ర కోసం ఆ విశేషణం పోయి ‘సిరుల’ వచ్చింది. ఇది వర్ణన కనుక ఈ నష్టాన్ని భరించవచ్చు.

భరించరాని నష్టం

విధి విషయంలో అలా అనుకోలేము. ‘పూర్ణిమకు ముందు వచ్చే శుక్రవారం’ అనే మాటలో ‘ముందు’ ఛందస్సుకు ఇమడక జారిపోతే, పాటను నమ్మిన ఇంట్లో వ్రతదినమే మారిపోతుంది. ‘శ్రావణ’ నాలుగు మాత్రల భగణం కావడంతో ఖండగతిలో అది విడిగా నిలవదు. దాన్ని ఇమడ్చడానికి వాక్యాన్ని తిప్పవలసి వస్తుంది. తిథి, తోరం సూత్రాల సంఖ్య, నైవేద్యం వంటివాటిని వచనంగానే ఉంచి, ఒకరు చదవగా మిగిలినవారు వినడం మేలు. కథ అందరి నోట ఉండాలి, విధి మాత్రం చెక్కుచెదరకుండా ఉండాలి.

సంభాషణలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. వచనంలో దేవి మాటలు ముగిశాక ‘అని’ వస్తుంది. గేయంలో శ్రోతకు అంతవరకు ఆగే వీలుండదు. దేవి ‘నన్ను పూజించు’ అన్నప్పుడు ఆ ‘నన్ను’ పాడే స్త్రీలదిగా వినబడకూడదు. అందుకని ఎవరు పలుకుతున్నారో తెలిపే పాదం మాటకు ముందే రావాలి. శివపార్వతుల సంవాదానికి మొదట ఒక ద్విపద, చివర ఒక ద్విపద చాలు. మధ్యలో మాటిమాటికీ ‘ఓ పార్వతీ’ అని వస్తే చారుమతి కథ తెగిపోతుంది.

ముగింపు

చారుమతి తన కలను తనలోనే దాచుకోలేదు. ఊరి స్త్రీలతో పంచుకొని, వారితో కలిసే వ్రతం చేసింది. ఒకరు చదివితే పదిమంది వినే వచనంలో ఈ పంచుకోవడం కథలోని ఒక సంఘటనగానే మిగులుతుంది. పదిమందీ పాడే గేయంలో ఆ సంఘటన మళ్ళీ జరుగుతుంది. అది జరగకుండా పోయేది తాళంలో చీలిన ఒక మాట వల్లనో, ఒకరు సాగదీసి మరొకరు సాగదీయని ఒక హ్రస్వం వల్లనో. గేయకర్త తన పాదాన్ని ఛందోగ్రంథంతో సరిచూసుకున్న తర్వాత, అక్షతలు పట్టుకొని కూర్చున్నవారి గొంతులతోనూ సరిచూసుకోవలసింది అందుకే.