సెకన్ల ముల్లు పన్నెండు మీద ఆగాలి

మొన్న మాఘమాసంలో అమలాపురం దగ్గర ఒక పెళ్లికి వెళ్లాను. జీలకర్ర బెల్లం వేళ దగ్గరపడుతుంటే పంతులుగారు తల ఎత్తి, "టైమెంతైందండీ?" అన్నారు. ముగ్గురం చెప్పాం, మూడు టైములు. నాది కీ ఇచ్చే వాచీ. నిమిషాల ముల్లు రెండు గీతల మధ్యన ఉంది, సెకన్ల ముల్లు పది దగ్గర ఉంది. ఏ నిమిషం అయిపోయిందో, ఏది నడుస్తోందో నాకే తెలియలేదు. విఘడియ అంటే 24 సెకన్లు. అంత సన్నగా లెక్కకట్టిన ముహూర్తం ముందు నా వాచీ తేలిపోయింది.

ఆ తప్పు మెషిన్‌ది కాదు, టైం పెట్టిన చేతిది. రాజమండ్రి వచ్చాక ఒక ఆదివారం పొద్దున కూర్చుని దాన్ని సరిచేశాను.

నా వాచీలో ఉన్నది జపాన్ ఎన్‌హెచ్35 మెషిన్. దాని కీని చివరిదాకా బయటికి లాగితే లోపల ఒక సన్నటి మీట బ్యాలెన్స్ వీల్‌ని ఆపేస్తుంది, సెకన్ల ముల్లు నిలిచిపోతుంది. దీన్నే హ్యాకింగ్ అంటారు. ముందు వాచీకి నిండుగా కీ ఇచ్చాను. స్ప్రింగ్‌లో బలం లేకపోతే కీ లోపలికి నొక్కాక వీల్ వెంటనే ఊపందుకోదు, అక్కడే సెకను పోతుంది.

6.54కి సెకన్ల ముల్లు సరిగ్గా పన్నెండు మీదికి రాగానే కీ లాగాను. ఇప్పుడు పెద్ద ముల్లు పని. చాలామంది దాన్ని ముందుకు తిప్పి పన్నెండు గీత మీద వదిలేస్తారు. నేనూ ఇన్నాళ్లూ అలాగే చేశాను. చక్రాల పళ్ల మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. ముందుకు తిప్పి ఆపితే, నడిపే పన్ను ఆ సందు దాటి తగిలేదాకా ముల్లు కదలదు. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగినా పెద్ద ముల్లు ఇంకా గీతకు ఇవతలే ఉంటుంది. అందుకే 7.05 దాకా తీసుకెళ్లి, నెమ్మదిగా వెనక్కి తెచ్చి సరిగ్గా ఏడు గంటలకి, పన్నెండు గీత మీద నిలిపాను. వెనక్కి వచ్చేటప్పుడు పళ్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి. కీ నొక్కగానే ముల్లు కదులుతుంది. అయితే తేదీ మారే అర్ధరాత్రి చుట్టుపక్కల గంటల్లో ముల్లుని వెనక్కి తిప్పకూడదు, తేదీ చక్రానికి దెబ్బ.

ఇంకొకటి: డయల్‌ని ఎదురుగా పెట్టుకుని చూడాలి. పక్కనుంచి చూస్తే గీత మీదున్న ముల్లు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది.

మిగిలింది సంకేతం. ఆకాశవాణి వార్తల ముందు వచ్చే బీప్‌లు మామూలు రేడియో సెట్‌లో వినాలి. అదే ప్రసారం సెల్‌ఫోన్‌లో పెట్టి పక్కన ఉంచి చూడండి, చాలా సెకన్లు వెనకబడి వస్తుంది. నేను వేలు కీ మీద ఉంచుకుని మొదటి బీప్‌ల లయ పట్టుకున్నాను. చివరిది విని నొక్కితే ఆలస్యం, దానితోపాటే నొక్కాలి, తాళం వేసినట్టు. ఈ మెషిన్ సెకనుకి ఆరుసార్లు కొట్టుకుంటుంది కాబట్టి అంతకన్నా సన్నటి తేడా కంటికి ఆనదు.

7.01కి చూశాను. సెకన్ల ముల్లు పన్నెండు మీద, పెద్ద ముల్లు నిమిషం గీత మీద. అలా కాకుండా ఇవతల ఉండిపోతే సందు మిగిలిందన్నమాట, మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. కానీ ముల్లు పన్నెండు దగ్గర గీతకు సరిపోయి, ఆరు దగ్గర తప్పితే మన చేతిలో లేదు. ముల్లు గుచ్చడంలోనో డయల్ బిగించడంలోనో తేడా ఉంది, వాచీ రిపేరు ఆయన చూడాల్సిందే.

సెకన్ల ముల్లు ఆగని పాత వాచీలకు నాన్న ఒక చిట్కా చేసేవారు. స్ప్రింగ్ వదులుగా ఉన్నప్పుడు కీ లాగి, ముల్లు వెనక్కి తిప్పే వైపు అతి తేలిగ్గా పట్టి ఉంచితే సెకన్ల ముల్లు ఆగుతుంది. పట్టు కాస్త బిగిస్తే ముల్లు వెనక్కే పోతుంది.

సోమవారం ఏడింటి బీప్‌కి చూస్తే నా వాచీ 8 సెకన్లు ముందుంది. ఈ మెషిన్‌కి తయారీదారు ఇచ్చిన హద్దు రోజుకి 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు దాకా. కాబట్టి రిపేరుకి ఇవ్వాల్సిన పని లేదు. శనివారం పొద్దుటికి తేడా 47 సెకన్లు. దాదాపు రెండు విఘడియలు. పెద్ద ముల్లు సరిగ్గా నిలిపి ఉంది కాబట్టి అది ఏ నిమిషానికి చెందిన 47 సెకన్లో సందేహం లేకుండా తెలిసింది, లెక్కలోంచి తీసేసుకోవచ్చు.

వచ్చే నెల రావులపాలెంలో మేనకోడలి పెళ్లి. ముహూర్తం రాత్రిపూట. ఆ పొద్దున ఏడింటికే రేడియో పెట్టుకుంటాను.