'కీలు'లో క, 'కూలి'లో క ఒకటి కావు

ఆడియో పుస్తకాల రికార్డింగులు సరిచేయడం నా పని. చదువుతుండగా కుర్చీ కిర్రుమంటుంది, ఒక అక్షరం పాడవుతుంది. అదే మాట మరోచోట శుభ్రంగా పలికి ఉంటే ఆ ముక్క కోసి ఇక్కడ అతికిస్తాం. మాట బదులు మాట పెట్టడం తేలికే. ఒక్క హల్లును అతకబోతేనే చిక్కంతా.

'తలుపు కీలు ఊడింది' అన్న వాక్యంలో క మీద చప్పుడు పడిందనుకోండి. పై పేరాలో 'కూలి' అన్న మాట ఉంది. అందులోని క తెచ్చి 'ఈలు' ముందు పెడితే కీలు రావాలి. రాదు. ఒక్కోసారి 'పీలు' అన్నట్టు వినిపిస్తుంది. 'కిటికీ'లోంచి తెచ్చిన క మాత్రం చక్కగా అతుకుతుంది.

కారణం మీ నోట్లోనే ఉంది. 'కీలు' అనబోయి, క దగ్గర నాలుక అంగిలికి తగలగానే ఆగిపోండి. తర్వాత 'కూలి' అనబోయి అలాగే ఆగండి. మొదటిసారి నాలుక కాస్త ముందుకు, గట్టి అంగిలి వైపు తగులుతుంది. రెండోసారి వెనక మెత్తటి భాగానికి తగులుతుంది. పైగా ఊ ఇంకా మొదలే కాలేదు, పెదవులు అప్పుడే సున్నా చుట్టేసి ఉంటాయి.

నాలుక విడిపడగానే చిన్న పేలుడులాంటి చప్పుడు వస్తుంది. అది సన్నగా ఉంటుందా బొంగురుగా ఉంటుందా అన్నది నాలుక తగిలిన చోటికి ముందు మిగిలిన ఖాళీని బట్టి ఉంటుంది. బిందె నిండేకొద్దీ ఖాళీ తగ్గి నీళ్ల చప్పుడు సన్నబడుతుంది కదా, ఇదీ అంతే. కీ ముందు ఖాళీ తక్కువ, కాబట్టి చప్పుడు సన్నం. కూలో ఖాళీ ఎక్కువ, దాని చివర పెదవులు కూడా ముడుచుకున్నాయి, కాబట్టి బొంగురు.

చెవి దీన్ని ఎలా సర్దుకుంటుందో 1952లో అమెరికాలో లిబర్మన్, దెలాత్ర్, కూపర్ చూపించారు. గీసిన బొమ్మను ధ్వనిగా మార్చే యంత్రంతో 1440 హెర్ట్జ్ దగ్గర ఒక చిన్న చప్పుడు తయారుచేసి, వేర్వేరు అచ్చుల ముందు పెట్టి వినిపించారు. 'ఆ' ముందు అది ఎక్కువమందికి క అనిపించింది. ఈ, ఊల ముందు అదే చప్పుడు ప అనిపించింది. అంటే చెవి హల్లును విడిగా వినడం లేదు, పక్కనున్న అచ్చుతో కలిపే తేల్చుకుంటోంది.

మాట్లాడేటప్పుడు సెకనుకు పది పదిహేను ధ్వనులు దొర్లిపోతాయి. ఒకటి పూర్తయ్యాక రెండోదానికి బయల్దేరేంత తీరిక నాలుకకు లేదు. అందుకే ఒకటి పలుకుతుండగానే తర్వాతిదానికి సిద్ధమవుతుంది. దీన్నే సహోచ్చారణ అంటారు. 'సీసా', 'సూది' మాటల్లో మొదటి స మాత్రం సాగదీసి పలకండి, తేడా మీకే వినిపిస్తుంది.

అయితే పక్క ధ్వని తెచ్చిన ప్రతి మార్పునూ నోటి తొందర కింద వేయలేం. 'చీమ'లో చ అంగిలికి తగిలితే, 'చాప'లో చ పళ్ల మొదట్లో పలుకుతుంది. అది 'ఆ' ప్రభావమేననుకుంటే 'చాయ్' అడ్డొస్తుంది. అక్కడా 'ఆ' ఉంది, చ మాత్రం చీమలోలాగే పలుకుతాం. ఒకప్పుడు పక్క అచ్చు తెచ్చిన తేడా భాషలో అలవాటుగా స్థిరపడిందన్నమాట. ఇంకా వెనక్కి వెళితే, కన్నడంలో 'కివి', 'కెరె'గా నిలిచిన మాటలు తెలుగులో చెవి, చెరువు అయ్యాయి. ఇ, ఎల ముందు క ముందుకు జరగడం అన్ని నోళ్లలోనూ ఉన్నదే. తెలుగులో ఆ జరుగుడు చ దాకా వెళ్లింది, కన్నడం క దగ్గరే ఆగింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి చెప్పేదొకటే. హల్లును ఒంటరిగా కోయకండి. అదే అచ్చుతో ఉన్న అక్షరాన్ని మొత్తంగా తెచ్చుకోండి, అదీ క, ట, ప లాంటివాటికి ముందు వచ్చే చిన్న నిశ్శబ్దంలో కోయండి. ముందున్న అచ్చు చివర కూడా రాబోయే హల్లు వైపు వంగే ఉంటుంది కాబట్టి ఆ పక్కదీ సరిపోవాలి. అలాంటి ముక్క దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకండి. చదివినవారిని పిలిచి వాక్యం మొత్తం మళ్లీ చదివించండి.